ఆల్ఫాను ఒక్క షేరులో వెతకాలా, పోర్ట్‌ఫోలియోలో వెతకాలా?

షేరు రాబడిని మార్కెట్ రిస్కుతోనే వివరించే క్యాపిటల్ అసెట్ ప్రైసింగ్ మోడల్ నిజమైతే, ట్రెజరీ బిల్లు రాబడిని మించి షేరు ఇచ్చిన అదనపు రాబడిని మార్కెట్ అదనపు రాబడిపై రిగ్రెషన్ చేసినప్పుడు వచ్చే స్థిరపదం, అంటే ఆల్ఫా, సున్నా కావాలి. (బిల్లు రేటును వార్షిక అంకెలో ఇస్తారు, నెలవారీ రాబడిలోంచి దాన్ని అలాగే తీసివేస్తే లెక్క మొదట్లోనే చెడుతుంది.)

ఒక్క షేరుకు 60 నెలల రాబడులు ఉన్నాయని, శేషాల ప్రామాణిక విచలనం నెలకు 8 శాతమని అనుకుందాం. దాన్ని 60 వర్గమూలంతో భాగిస్తే ఆల్ఫా ప్రామాణిక దోషం సుమారు 1.03 శాతం. అందువల్ల నెలకు 1 శాతం ఆల్ఫా కనిపించినా టి-విలువ 1 కూడా దాటదు. మోడల్ తప్పని చెప్పలేము, ఒప్పని అసలే చెప్పలేము.

అదే పాతిక షేర్లను కలిపితే ఒక్కో సంస్థకే పరిమితమైన ఒడిదుడుకులు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. శేష విచలనం 2 శాతానికి దిగితే దోషం 0.26 శాతమే కనుక, 0.6 శాతం ఆల్ఫా కూడా స్పష్టంగా తేలుతుంది. నా మొగ్గు దీనివైపే. అయితే షేర్లను ఇష్టమొచ్చినట్లు కలిపితే ధన, రుణ ఆల్ఫాలు కలిసిపోయి సున్నా వస్తుంది. 1972లో ఆర్థికవేత్తలు బ్లాక్, జెన్సెన్, షోల్స్, మార్కెట్‌తో పాటు షేరు ఎంత కదులుతుందో చెప్పే బీటాలను అంతకుముందు కాలానికి లెక్కించి, వాటి ప్రకారం షేర్లను వర్గీకరించినందువల్లనే, తక్కువ బీటా వర్గాలకు ధన ఆల్ఫా, ఎక్కువ బీటా వర్గాలకు రుణ ఆల్ఫా బయటపడ్డాయి.