పెద్ద టేబుల్‌లో 20 బై-ఇన్‌లా, చిన్న టేబుల్‌లో 40 బై-ఇన్‌లా: ఏది మేలు?

పోకర్ క్యాష్ గేమ్ కోసం విడిగా తీసిపెట్టిన సొమ్ము 2000 యూనిట్లు అనుకుందాం. పెద్ద టేబుల్‌లో బిగ్ బ్లైండ్, అంటే కార్డులు చూడకముందే తప్పనిసరిగా పెట్టే పెద్ద పందెం, 1 యూనిట్. టేబుల్‌లో కూర్చునేటప్పుడు తెచ్చుకునే సొమ్ము, అంటే బై-ఇన్, 100 బ్లైండ్లనుకుంటే 100 యూనిట్లు. అంటే చేతిలో 20 బై-ఇన్‌లున్నట్టు. చిన్న టేబుల్‌లో బిగ్ బ్లైండ్ అర యూనిట్ కాబట్టి అదే సొమ్ము 40 బై-ఇన్‌లవుతుంది.

ముందు రాబడి చూద్దాం. పైకి వెళ్లేకొద్దీ ఎదుటివాళ్లు గట్టిగా ఆడతారు. అందుకే ప్రతి 100 హ్యాండ్‌లకు పెద్ద టేబుల్‌లో 3 బ్లైండ్లు, చిన్న టేబుల్‌లో 5 బ్లైండ్లు మిగులుతాయని లెక్క వేద్దాం. యూనిట్లలోకి మారిస్తే అక్కడ 3, ఇక్కడ 2.5. పదివేల హ్యాండ్‌లు ఆడినా తేడా 50 యూనిట్లే, పెద్ద టేబుల్ బై-ఇన్‌లో సగం. చాలామంది ఈ ఒక్క అంకె చూసే పైకి వెళ్తారు.

ఇక అసలు తేడా సొమ్మంతా తుడిచిపెట్టుకుపోయే అవకాశంలో ఉంది. దానికి వాడుకలో ఉన్న సూత్రం ఇది:

```
R = e^(-2 × W × B / S²)
```

W అంటే 100 హ్యాండ్‌లకు గెలిచే బ్లైండ్లు, B అంటే బ్లైండ్లలో మన సొమ్ము. S అంటే 100 హ్యాండ్‌లలో హెచ్చుతగ్గుల కొలత, అంటే ప్రామాణిక విచలనం. నో-లిమిట్ హోల్డెమ్‌లో దాన్ని 90 బ్లైండ్లుగా తీసుకోవడం సబబే. పెద్ద టేబుల్‌లో W 3, B 2000 కాబట్టి R సుమారు 23 శాతం. చిన్న టేబుల్‌లో W 5, B 4000 కాబట్టి ఒక శాతం కూడా కాదు, 0.7. రాబడి ఐదో వంతు పెరగడానికి దివాలా ముప్పు ముప్పై రెట్లు పెరిగిందన్నమాట. జాగ్రత్తపరుడికి ఇది చెడ్డ బేరం.

అయితే ఈ తీర్పు ఆ 5 బ్లైండ్ల మీదే నిలబడింది. ఆట నడిపేవాళ్లు పాట్ నుంచి తీసుకునే రుసుము, అంటే రేక్, చిన్న టేబుళ్లలో సాధారణంగా పాట్‌లో ఎక్కువ వాటా తినేస్తుంది. దాంతో అక్కడా 3 బ్లైండ్లే మిగిలితే రాబడి 1.5 యూనిట్లకు పడుతుంది, ముప్పు 5 శాతానికి ఎగబాకుతుంది. అప్పుడు రాబడి సరిగ్గా సగం, ముప్పు నాలుగో వంతు కన్నా తక్కువ. ఎంచుకోవడం నిజంగా కష్టమయ్యేది ఇక్కడే.

ఇంకో చిక్కు: ఆ 3 నిజంగా 3 అని ఎలా తెలుసు? 50,000 హ్యాండ్‌ల రికార్డు చేతిలో ఉన్నా, 90ని 500 వర్గమూలంతో భాగిస్తే పొరపాటుకు వీలు 4 బ్లైండ్లు. రికార్డులో 3 కనిపించేవాడు నిజానికి 1 గెలిచేవాడు కావచ్చు, ఓడిపోయేవాడూ కావచ్చు. నిజమైన రేటు 1 అయితే 20 బై-ఇన్‌ల మీద ముప్పు 61 శాతం. సున్నా గానీ అంతకంటే తక్కువ గానీ అయితే ఎన్ని బై-ఇన్‌లున్నా చివరికి ఖాళీయే. చిన్న టేబుల్‌ను ఎంచుకోమనడానికి నాకు అన్నిటికన్నా బలంగా కనిపించే కారణం ఇదే: అంచనా తప్పినా సర్దుకోవడానికి చోటుంటుంది.

మూడో దారి కూడా ఉంది. పెద్ద టేబుల్‌లోనే మొదలుపెట్టి, సొమ్ము 1500కు పడగానే చిన్న టేబుల్‌కు దిగిపోవడం. మొదట అనుకున్న 3, 5 రేట్లతోనే లెక్కిస్తే, ఎప్పుడో ఒకప్పుడు 1500 తగిలే అవకాశం 69 శాతం. అక్కడి నుంచి 3000 బ్లైండ్లతో చిన్న టేబుల్‌లో మునిగే అవకాశం 2.5 శాతం. రెండూ గుణిస్తే 1.7 శాతం. 23 ఇంతకు దిగివచ్చింది ఒక్క నియమంతో! కాకపోతే ఈ లెక్క దిగినవాడు మళ్లీ పైకి వెళ్లడు అనుకుని వేసింది. 1600 కాగానే ఎక్కేసేవాడికి ఇది వర్తించదు. ఐదు బై-ఇన్‌లు పోయిన రోజున దిగిపోవడం మనసుకు ఎక్కదు కాబట్టి, ఆ 1500 అంకెను కూర్చోకముందే రాసిపెట్టుకోవాలి.

టేబుల్ ఎంచుకున్నాక భయం హ్యాండ్‌లోకి రాకూడదు. పాట్‌లో 60 ఉంది, ఎదుటివాడు 60తో ఆల్-ఇన్ అన్నాడు. కాల్ చేస్తే 180 కోసం 60 పెట్టినట్టు కాబట్టి 33.3 శాతం గెలుపు అవకాశముంటే పెట్టింది తిరిగొస్తుంది. మనకు 35 శాతం ఉంటే 180లో 35 శాతం 63, అందులోంచి 60 తీసేస్తే ఎక్స్‌పెక్టెడ్ వాల్యూ 3 యూనిట్లు. ఈ పందెంలో హెచ్చుతగ్గులకు మనం చెల్లించే ధర సుమారుగా వేరియన్స్‌ను సొమ్ముకు రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. వేరియన్స్ అంటే ప్రామాణిక విచలనపు వర్గం, ఇక్కడ అది 7371. సొమ్ము 2000 ఉంటే ధర 1.8, వచ్చే 3 కన్నా తక్కువ కాబట్టి కాల్ చేయాల్సిందే. అదే టేబుల్‌లో 400 యూనిట్లతో కూర్చున్నవాడికి ధర 9 దాకా పోతుంది. అతనికి ఫోల్డే సరైంది, నిజానికి ఆ కుర్చీయే అతనిది కాదు.