ఫొటో తీస్తే లెక్క చేసే యాప్: రెండేళ్లు వాడిన తర్వాత

కడపలో మా ఇంటి వసారాలో సాయంత్రం పూట ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. వర్క్‌షీట్‌ను ఫొటో తీస్తే సోపానాలతో సహా జవాబు చూపించే యాప్ ఒకటి రెండేళ్లుగా నా ఫోనులో ఉంది. పిల్లల పుస్తకాలు దిద్దే ముందు జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టుకోవడానికి దాన్ని మొదలుపెట్టాను. ఇన్నాళ్ల వాడకంలో నాకు అర్థమైంది ఒక్కటే. అది లెక్క తప్పు చేయడం చాలా అరుదు. లెక్కను తప్పు చదవడం మాత్రం తరచుగా జరుగుతుంది.

మా దగ్గరికి వచ్చే వర్క్‌షీట్లు చాలావరకు జిరాక్స్‌కు జిరాక్స్ తీసినవి. ఒకసారి అలాంటి కాగితం మీద 5x − 8 = 3x + 6 అనే సమీకరణం ఉంది. అందులో 8 అంకెకు ఎడమవైపు గీత బాగా వెలిసిపోయింది. యాప్ దాన్ని 3 అని చదివి, x = 4.5 అని చూపించింది. తొమ్మిదో తరగతి అమ్మాయి నేను నేర్పినట్టే ప్రతిక్షేపించి సరిచూసింది. "సార్, రెండు వైపులా 19.5 వచ్చింది. సరిపోయింది" అంది. నిజంగానే సరిపోయింది, ఎందుకంటే ఆ పిల్ల విలువను ప్రతిక్షేపించింది ఫోను తెర మీద ఉన్న 5x − 3 = 3x + 6 లో. తప్పు చదివిన సమీకరణానికి అది సరైన జవాబే.

"కాగితం చూసి మళ్లీ వేయమ్మా" అన్నాను. 5 × 4.5 అంటే 22.5, అందులో 8 పోతే 14.5. కుడివైపు 13.5 + 6, అంటే 19.5. రెండింటికీ తేడా 5. నేను ఆ అమ్మాయిని ఆపి, ఆ 5 ఎక్కడి నుంచి వచ్చిందో వెతకమన్నాను. 8కి, 3కి మధ్య తేడా 5 అని తనే పట్టుకుంది. అసలు జవాబు 7. రెండు వైపులా 27 వస్తుంది.

అప్పటి నుంచి తేడా వస్తే జవాబు కొట్టేసి ఊరుకోనివ్వను, ఆ తేడాను చదవమంటాను. విడిగా ఉన్న అంకెను యాప్ తప్పు చదివితే, తేడా ఆ రెండు అంకెల మధ్య దూరమే అవుతుంది. x పక్కనున్న గుణకాన్ని తప్పు చదివితే, తేడా యాప్ ఇచ్చిన x విలువకు గుణిజంగా వస్తుంది. ఇదే సమీకరణంలో 5xను 6x అని చదివి ఉంటే, x విలువ ఎంత వచ్చిందో తేడా కూడా అంతే వచ్చేది. కాగితం మీద ఎక్కడ చూడాలో దాన్నిబట్టి తెలిసిపోతుంది.

వైశాల్యాలు, వడ్డీల వంటి లెక్కల్లో ప్రతిక్షేపించడానికి సమీకరణం ఉండదు. అక్కడ ఉజ్జాయింపే ఆధారం. 48.5 మీటర్ల పొడవు, 19.8 మీటర్ల వెడల్పు ఉన్న చేను వైశాల్యం ఎంత అన్నప్పుడు, ఫొటో తీయక ముందే 50 × 20, సుమారు 1000 అని కాగితం అంచున రాయిస్తాను. మసక వెలుతురులో దశాంశ బిందువు కనిపించక యాప్ 485 అని చదివితే జవాబు 9603 వస్తుంది. పదింతలు కావడంతో పిల్లలు వెంటనే పట్టేస్తారు.

కష్టమంతా దగ్గరగా వచ్చే తప్పు జవాబుతోనే. 48.5ను 43.5 అని చదివితే 861.3 వస్తుంది. వెయ్యికి దగ్గరే కదా అని వదిలేసే ప్రమాదం ఉంది. అందుకే సవరించినప్పుడు ఎటు జరిపామో, ఎంత జరిపామో కూడా గుర్తుంచుకోమంటాను. 48.5ను 50 చేయడంలో సుమారు మూడు శాతం, 19.8ను 20 చేయడంలో ఒక శాతం పెంచాం. కాబట్టి అసలు జవాబు వెయ్యికి సుమారు నాలుగు శాతం తక్కువగా, 960 దగ్గర ఉండాలి. 861 అయితే దాదాపు పద్నాలుగు శాతం తక్కువ. కాగితం మళ్లీ చూడాల్సిందే. సరైన జవాబు 960.3.

ఫొటో విషయంలో మా ఇంటి అరుగు బాగా ఉపయోగపడింది. నల్లటి కడప బండ మీద తెల్ల కాగితం పరిస్తే అంచులు స్పష్టంగా పడతాయి. నునుపు చేసిన బండ అయితే ట్యూబ్‌లైటు మెరుపు పడుతుంది, కాస్త పక్కకు జరపాలి. అయినా వెలిసిపోయిన అంకెను ఏ వెలుతురూ తిరిగి తేలేదు.

పదో తరగతి వాళ్లకు ఈ యాప్ ఇస్తాను. ఎనిమిదో తరగతి వాళ్లకు ఇవ్వను, వాళ్లకు ఇంకా చేతి లెక్క కుదరాలి. పదో తరగతి వర్గ సమీకరణాల దగ్గర మాత్రం ప్రతిక్షేపణ ఒక్కటే చాలదు. x² − 5x + 6 = 0 కు ఒక అబ్బాయి తెర మీద మొదట కనిపించిన 2ను మాత్రమే రాసుకుని, ప్రతిక్షేపిస్తే సున్నా వచ్చిందని టిక్ పెట్టాడు. మూలాల మొత్తం 5 కావాలి కదా అని అడిగాను. వెంటనే తెరను కిందికి జరిపి 3ను చూశాడు.