పొద్దున షుగర్ ఎక్కువుంటే ఏ పూట ఇన్సులిన్ పెంచాలి?

రోజుకు రెండు పూటలా 30/70 ఇన్సులిన్ వేసుకునేవాళ్లలో చాలామంది పరగడుపున మీటర్‌లో 190 కనపడగానే, అప్పుడు వేసుకోబోయే డోసునే రెండు మూడు యూనిట్లు పెంచేస్తారు. కళ్లెదుట షుగర్ ఎక్కువుంది, చేతిలో సిరంజి ఉంది, ఎవరికైనా అలాగే తోస్తుంది. మరికొందరు నెలకోసారి ల్యాబ్‌కి వెళ్లి పరగడుపున ఒకటి, టిఫిన్ తిన్న రెండు గంటలకు ఒకటి చేయించుకుంటారు. రెండూ ఎక్కువొస్తే రెండు పూటల డోసులూ పెంచుతారు.

గుంటూరులో నేను పనిచేసే షుగర్ క్లినిక్‌లో డాక్టరు గారు చూసే పద్ధతి ఈ రెండూ కాదు. ఆయన ఉదయం రీడింగును ముందు రాత్రి డోసుతో జత కలుపుతారు, రాత్రి భోజనానికి ముందు రీడింగును ఆ రోజు ఉదయం డోసుతో జత కలుపుతారు. ఏ రీడింగు చూసినా దానికి ముందు పడిన ఇంజెక్షన్ ఫలితంగానే చదువుతారు. ఈ మూడింటిలో మేలైనది ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కారణం ఆ సీసాలోనే ఉంది. 30/70లో 30 వంతు త్వరగా పనిచేసే రెగ్యులర్ ఇన్సులిన్. వేసుకున్న అరగంటకు మొదలై రెండు మూడు గంటల్లో జోరందుకుని, ఆ పూట తిన్నదాన్ని చూసుకుంటుంది. మిగతా 70 వంతు తెల్లగా పాలలా కనిపించే ఎన్‌పీహెచ్. ఇది నెమ్మదిగా మొదలై నాలుగో గంట నుంచి పదో గంట దాకా బలంగా పనిచేస్తుంది. ఉదయం 8 గంటలకు వేసుకున్న దాని ఎన్‌పీహెచ్ జోరు మధ్యాహ్నం నుంచి సాయంత్రం 6 దాకా ఉంటుంది. మధ్యాహ్నం అన్నం భారం మోసేది అదే. రాత్రి 8న్నరకు వేసుకున్నది అర్ధరాత్రి దాటాక మొదలుకొని తెల్లవారే దాకా పనిచేస్తుంది. కాబట్టి పరగడుపున కనపడే అంకె రాత్రి డోసు రాసిన లెక్క. ఆ అంకె చూసి ఉదయం డోసు పెంచితే అది వెళ్లి పడేది పగటి షుగర్ మీద.

అలా పడితే ఏమవుతుందో ఒకరు రోజూ షుగర్ అంకెలు రాసుకునే పుస్తకంలో చూద్దాం. పట్నం బజారులో పచారీ కొట్టు నడిపే పెద్దాయన, వయసు అరవై దాటింది. ఉదయం 20, రాత్రి 12 యూనిట్లు రాసిచ్చారు. మొదటి మూడు రోజులు పరగడుపున 186, 172, 194. రాత్రి భోజనానికి ముందు 118, 104, 126. అంటే ఉదయం డోసు తన పని సరిగ్గానే చేస్తోంది. ఆయన మాత్రం పరగడుపు అంకెలే చూసి ఉదయం డోసును కొంచెం కొంచెంగా 26 దాకా తీసుకెళ్లారు. పరగడుపున మళ్లీ 188, 179, 191. రాత్రి భోజనానికి ముందు 84, 76, 68. సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి కొట్లోనే చెమటలు, చేతులు వణుకు, ఏదో ఒకటి నోట్లో వేసుకోందే ఆగలేని ఆకలి.

"పొద్దున ఎక్కువుంటే పొద్దుటిదే కదండీ పెంచాలి?" అని అడిగారు. డాక్టరు గారు ఆ పుస్తకంలోనే ఒక్కో రాత్రి డోసు నుంచి మర్నాటి పరగడుపు అంకె దాకా పెన్నుతో గీత గీసి చూపించారు. అయిదారు గీతలు పడేసరికి ఆయనకే అర్థమైంది.

ముందు చేసిన పని పెంచడం కాదు, తగ్గించడం. లో షుగర్ వస్తుంటే దాని సంగతి తేల్చాకే మిగతాది. ఉదయం డోసు మళ్లీ 20కి వచ్చింది. మూడు రోజులు చూశారు, సాయంత్రం చెమటలు ఆగాయి. ఆ మధ్యలో ఒక రాత్రి 3 గంటలకు లేచి చూసుకోమన్నారు, 152 ఉంది. రాత్రంతా షుగర్ పైనే ఉందని తేలింది కాబట్టి రాత్రి డోసు పెంచడానికి దారి దొరికింది. 12 నుంచి 14 చేస్తే మూడు రోజుల పరగడుపు అంకెలు 165, 158, 170. 16కి పెంచితే 142, 136, 147. 18కి వెళ్లాక 121, 112, 126. అక్కడ ఆగారు. ఉదయం డోసు 20 దగ్గరే ఉంది, రాత్రి భోజనానికి ముందు అంకెలు 100 చుట్టుపక్కల నిలిచాయి. పొద్దున తక్కువ నుంచి మొదలైన రోజు సాయంత్రానికీ కాస్త తక్కువలోనే ఉంటుంది. రెండు పూటలూ ఎక్కువున్నప్పుడు ముందు రాత్రి డోసు సరిచేసి, ఆ తర్వాతే ఉదయం డోసు జోలికి వెళ్లమని చెప్పేది అందుకే. రెండూ ఒకేసారి పెంచితే తర్వాత ఏది పనిచేసిందో, ఏది లో షుగర్ తెచ్చిందో ఎవరూ చెప్పలేరు.

పై మూడేసి అంకెల్లో డాక్టరు గారు చూసింది సగటు కాదు, అన్నిటికంటే తక్కువది. ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది. 165, 158, 170లో లెక్కలోకి వచ్చేది 158. డోసు పెంచితే ఎక్కువున్న రోజుతో పాటు తక్కువున్న రోజూ దిగుతుంది. ప్రమాదం వచ్చేది ఆ తక్కువ రోజునే. నోవోమిక్స్ 30 లాంటి కొత్తరకం మిక్స్‌డ్ ఇన్సులిన్‌కు కంపెనీ ఇచ్చే పట్టిక కూడా గత మూడు రోజుల్లో కనిష్ఠ అంకెనే అడుగుతుంది. అది 80 నుంచి 110 మధ్య ఉంటే డోసు కదపరు. 111 నుంచి 140 ఉంటే 2 యూనిట్లు, 141 నుంచి 180 ఉంటే 4, అంతకు మించితే 6 పెంచుతారు. 80 కంటే దిగితే 2 తగ్గిస్తారు. ఆ రోజుల్లో ఒక్కసారి లో షుగర్ వచ్చినా పెంచకూడదు. ఆ పట్టిక ప్రకారం మన పెద్దాయనకు మొదటి విడతలోనే 4 పెంచవచ్చు. కానీ ఆయన వేసుకునేది పాతరకం 30/70, వయసు పైబడింది, అప్పుడప్పుడే లో షుగర్ల నుంచి బయటపడ్డారు. అందుకే ఇక్కడ రెండేసి యూనిట్లతోనే వెళ్లారు. పరగడుపు అంకె 110కి దిగే దాకా పట్టుబట్టకుండా 112 దగ్గర ఆగిందీ అందుకే. పట్టిక చేతికొచ్చింది కదా అని డాక్టరుకు చెప్పకుండా ఇంట్లోనే నడిపించడం నాకు నచ్చదు.

ఇక ల్యాబ్ పద్ధతి. టిఫిన్ తర్వాత రీడింగు అబద్ధం చెప్పదు. కాకపోతే అది చెప్పేది ఉదయం డోసులోని 30 వంతు గురించి, ఆ రోజు తిన్న టిఫిన్ గురించి. రెండు ఇడ్లీల రోజుకీ, పెసరట్టు ఉప్మా రోజుకీ ఆ అంకె ఒకేలా ఉండదు. అసలు బలమంతా ఉన్న 70 వంతు మధ్యాహ్నం ఏం చేసిందో అందులో కనపడదు. పైగా నెలకు ఒక్క రోజు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకు దాని విలువ దానికుంది, అయితే ఏ పూట డోసు మార్చాలో అది చెప్పదు.

జత కలిపే పద్ధతి కూడా తప్పుదారి పట్టించే చోటు ఒకటుంది. సాయంత్రం ఆరింటికి మిరపకాయ బజ్జీలో, పునుగులో తిని, ఎనిమిదింటికి షుగర్ చూసుకుంటే 210 వస్తుంది. ఉదయం డోసు చాలలేదని అనిపిస్తుంది. నిజానికి ఆ అంకెలో బజ్జీలు ఉన్నాయి. ఉదయం డోసు పెంచితే బజ్జీలు తినని రోజున నాలుగింటికే లో షుగర్ వస్తుంది. అందుకే మా దగ్గర రాత్రి భోజనానికి ముందు అంకె పక్కన సాయంత్రం ఏం తిన్నారో రాయమంటాం. అది లేని అంకెను డోసు లెక్కలోకి తీసుకోం.

రెండు పూటల అంకెలూ ఉన్నట్టుండి ఒకేసారి పైకి లేస్తే డోసు కంటే ముందు ఇన్సులిన్‌నే అనుమానించాలి. విజయవాడ ఎండల్లో సీసా స్కూటర్ డిక్కీలో ఓ మధ్యాహ్నం ఉండిపోయినా, ఫ్రిజ్‌లో డీప్ ఫ్రీజర్‌కు ఆనుకుని గడ్డకట్టినా దాని శక్తి పోతుంది. అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించి, తలకిందులు చేసి కలిపాక కూడా ముక్కలు ముక్కలుగా తేలుతుంటే, అడుగున పొరలా అంటుకుంటే ఆ సీసా వాడొద్దు. అసలు కలపకుండానే తీస్తే ఒక రోజు 30 వంతు ఎక్కువ, మరో రోజు 70 వంతు ఎక్కువ పడి అంకెలు ఎగుడుదిగుడుగా వస్తాయి. రోజూ ఒకే చోట పొడిచి పొట్ట మీద గట్టిపడిన గడ్డ ఉన్నా అంతే. సిరంజి కూడా చూడాలి. మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకు ఎర్ర మూత సిరంజే. 100 యూనిట్ల పెన్ను కార్ట్రిడ్జ్ నుంచి ఆ ఎర్ర మూత సిరంజితో 20 గీతలు తీస్తే లోపలికి పోయేది 50 యూనిట్లు. ఇది ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు.

70 కంటే తక్కువొస్తే ముందు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. కారణం వెతకడం ఆ తర్వాత. భోజనం ఆలస్యమైందా, పని ఎక్కువైందా అని చూసి, ఏదీ లేకపోతే ఆ సమయంలో పనిచేస్తున్న డోసును డాక్టరు నూటికి పది నుంచి ఇరవై వంతులు తగ్గిస్తారు. తెల్లవారుజామున 3కి 60 ఉండి పరగడుపున 200 ఉన్నా తగ్గేది రాత్రి డోసే. మధ్యరాత్రి చూడకుండా ఆ 200ను నమ్మి రాత్రి డోసు పెంచడం ఈ పద్ధతిలో అన్నిటికంటే ప్రమాదకరమైన పని.

కొన్ని పుస్తకాలకు ఈ పద్ధతీ సరిపోదు. మధ్యాహ్నం భోజనానికి ముందు 65, రాత్రి భోజనానికి ముందు 220 ఉందనుకోండి. మొదటిది ఉదయం డోసు తగ్గించమంటోంది, రెండోది అదే డోసు పెంచమంటోంది. ఒకే సీసాలో కలిసి ఉన్న రెండు ఇన్సులిన్లను విడదీసి ఒకదాన్ని మాత్రమే మార్చే వీలు లేదు. తెల్లవారుజామున 3కి 85 ఉండి 7 గంటలకు 190కి ఎక్కేవాళ్లదీ ఇదే ఇబ్బంది, రాత్రి డోసు పెంచితే 3 గంటలకు పడిపోతారు. ఇలాంటి వాళ్లు ఎన్ని విడతలు సర్దినా అంకెలు కుదరవు. రెండు పూటల మిక్స్‌డ్ ఇన్సులిన్ మానేసి, భోజనానికి వేరే, రాత్రికి వేరే ఇన్సులిన్ వేసుకోవడమో, మూడు పూటలకు మారడమో డాక్టరుతో మాట్లాడుకోవాలి. ఆ మాట డాక్టరు గారు చెప్పాలన్నా ఆయన ముందు ఉండాల్సింది ల్యాబ్ కాగితం కాదు. వరసగా మూడు రోజులు పరగడుపున ఒకటి, రాత్రి భోజనానికి ముందు ఒకటి, వీలైతే ఒక్క రోజు మధ్యాహ్నం భోజనానికి ముందు, ఒక్క రాత్రి 3 గంటలకు చూసిన అంకెలు కావాలి. మొత్తం ఎనిమిది స్ట్రిప్పులు.