‘తెలుగు ప్రతి చెల్లును’: ఆరేళ్లు వాడిన షరతుపై నా సమీక్ష

అనంతపురంలో సోలారు ప్లాంట్లకు రైతులు భూములిచ్చే కౌలు ఒప్పందాలను తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ రాసేటప్పుడు, ఆరేళ్లుగా ఈ షరతునే వాడుతూ వచ్చాను: ‘రెండు ప్రతులకు భేదం వచ్చినచో తెలుగు ప్రతి చెల్లును.’ బేరం తెలుగులో సాగింది, సంతకం పెట్టే రైతు చదవగలిగేది తెలుగే, కాబట్టి ఆ ఎంపిక సరైనదేనని ఇప్పటికీ అంటాను. లోపమంతా ‘భేదం’ అన్న మాటలో ఉంది.

మొదట్లో రాసిన ఒప్పందాల్లో ఒకటి ఎనిమిదెకరాలది. ఎకరాకు ఏడాదికి 30,000 రూపాయలు, గడువు 25 ఏళ్లు. తెలుగు ప్రతిలో ‘ప్రతి రెండేళ్లకు కౌలుపై 5 శాతం పెంచవలెను’ అని రాశాను. ఇంగ్లీషు ప్రతిలో మాత్రం ‘ఆనాటికి చెల్లిస్తున్న కౌలుపై’ అనే అర్థం స్పష్టంగా ఉంది. మొదటి పెంపు ఎలా లెక్కించినా 31,500 కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు. రెండో పెంపుకు రైతు 33,075 అడిగితే కంపెనీ 33,000 కట్టింది. ఎకరాకు 75 రూపాయల తేడా చిన్నదే గానీ, చివరి ఏడాదికి ఒక లెక్కలో 48,000, మరో లెక్కలో దాదాపు 53,876 అవుతుంది.

కంపెనీ వారు ‘భేదం ఉంది, తెలుగే చెల్లాలి, కౌలంటే మొదట రాసిన కౌలే’ అన్నారు. రైతు తరఫున నేను ‘ఇది భేదం కాదు, తెలుగులో అస్పష్టంగా ఉన్నదాన్ని ఇంగ్లీషు విడమరిచింది’ అని వాదించాను. బేరం నాటి నోటిమాటపై ఆధారపడదామంటే, రాసుకున్న షరతును నోటిమాటతో మార్చడానికి సాక్ష్య చట్టం సాధారణంగా ఒప్పుకోదు. ‘తెలుగే చెల్లాలని పట్టుబట్టింది నేనే కదా సామీ’ అని ఆ పెద్దాయన అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. చివరకు ఏటేటి కౌలును పట్టికగా వేసి, అనుబంధ ఒప్పందం రాసుకొని బయటపడ్డాము. పట్టిక రైతు లెక్క ప్రకారమే కుదిరింది.

అప్పటి నుంచి వాడుతున్న షరతు ఇది: ‘రెండు ప్రతుల అర్థాలు ఒకదానికొకటి పొసగనప్పుడు తెలుగు ప్రతి చెల్లును. తెలుగు ప్రతిలోని మాటకు రెండర్థాలు వచ్చునప్పుడు, ఇంగ్లీషు ప్రతితో పొసగు అర్థమునే గ్రహించవలెను. కౌలు మొత్తములు, తేదీలు, సర్వే నంబర్ల విషయంలో రెండు ప్రతులకూ జతపరచిన ఒకే పట్టిక ప్రమాణము.’ కాస్త పొడవైనదే, కానీ పొసగకపోవడాన్నీ అస్పష్టతనూ ఇది విడదీస్తుంది.

దీనికీ ఒక పరిమితి ఉంది. ఒక ప్రతిలో ఉన్న షరతు రెండో ప్రతిలో అసలు లేకపోతే ఏం చేయాలో ఇది చెప్పదు. అందుకే సంతకాలకు ముందు ఇద్దరం కూర్చొని, ఒకరు తెలుగు, ఒకరు ఇంగ్లీషు పట్టుకొని, క్లాజు నంబరు వారీగా చదువుతాము. ఈ ప్రాధాన్య షరతును మాత్రం రెండుసార్లు చదువుతాము, ఎందుకంటే ఒకసారి కంపెనీ పంపిన ఇంగ్లీషు ముసాయిదాలో ఇంగ్లీషే చెల్లునని ఉండటం నేను చూశాను.