నిద్రగోలీలు అమ్మే ఆ షాపుతోటి జాగ్రత్త (హన్మకొండ)

పేరు రాయను, ఆ దిక్కు ఉండేటోళ్లకు ఎరుకే. పన్నెండేండ్లు పక్కింటి పెద్దమ్మకు ఆల్ప్రజోలం 0.5 చీటీ లేకుండనే ఇచ్చిండు. షెడ్యూల్ హెచ్1 మందు అది, చీటీ చూడాలె, రిజిస్టర్‌ల రాయాలె. పోయిన నెల తనిఖీలనంగనే సుద్దపూస అయిండు. ఫార్మసీ చదివి ఆ స్ట్రిప్పులు రోజూ చూసుకుంట ఊకున్న నాకూ బుద్ధి లేదు.

ఆమె కొడుకు పోయి "మరెట్ల అన్నా, అమ్మకు రాత్రి నిద్ర పట్టది" అంటే తల గూడ ఎత్తలే. "దినం తప్పి దినం ఏసి పది రోజులల్ల బంద్ పెట్టుర్రి. గింత చిన్న గోలీకి ఏమైతది?" అన్నడట. గింత చిన్న గోలీ! డాక్టర్లు వాడే ఒక లెక్కల ఆ 0.5, ఇదే తీరు మందైన డయాజెపాం 10 మిల్లీగ్రాములకు సమానం.

దినం తప్పి దినం ఏస్తే ఏమైతదో చూడుర్రి. ముసలోళ్లల్ల ఈ మందు సగం దిగనీకి పదహారు గంటల దాకా పడ్తది. నలభై ఎనిమిది గంటలు ఎడం పెడ్తే రెండో రాత్రికి ఒంట్ల ఎనిమిదో వంతే మిగుల్తది. ఏండ్ల సంది ఈ మందు ఏసే బ్రేకుకు అలవాటైన మెదడు ఒక్కసారి ఎగురుతది. ఆమెకు ముందు చేతులు వణికినయి, చెమటలు పట్టినయి, గిన్నె చప్పుడైనా ఓర్వలే. మొత్తం ఆపిన మూడో రోజు గోడ మీద మనుషులు కనిపించిర్రు. ఇంట్లోళ్లు వయసు మీద పడి మతి తప్పిందనుకున్నరు. తెల్లారి ఫిట్స్ వచ్చినయి.

తగ్గించాల్సింది రోజులను కాదు, మోతాదును. రోజూ అదే టైముకు ఏసుకుంట, రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5, 10 శాతం తగ్గించాలె. రెండు వారాలల్ల 25 శాతం ఎప్పుడూ దాటొద్దు. 0.25 గోలీని సగం చేసుకుంట పోతే ఈ లెక్క కుదరది, ఆఖరు మెట్లల్ల ఒక్కసారే సగం కోతైతది. అందుకే డాక్టర్ ఆమెను మెల్లగ డయాజెపాం మీదికి మార్చి, 2 మిల్లీగ్రాముల గోలీలతోటి 10 నుంచి 9, 9 నుంచి 8 అనుకుంట దించుతున్నరు. 4 దగ్గరికొచ్చినంక పావు గోలీ చొప్పున. ఏడాది దాకా పడ్తది. డయాజెపాం ముసలోళ్లల్ల ఒంట్ల పేరుకుంటది, పగలు మత్తు, నడుస్తుంటే తూలడం కనిపెట్టాలె. లివర్ బాగలేనోళ్లకు ఈ మార్పు పనికిరాదు.

తగ్గించినప్పుడల్లా కొన్ని రోజులు నిద్ర చెడ్తది. అది పాత రోగం తిరిగొచ్చుడు కాదు. సర్దుకోకపోతే అదే మోతాదు మీద ఆగాలె. నిద్రరాని రాత్రి ఇంకో గోలీ ఇయ్యొద్దు. వింతలు కనిపిస్తే, ఫిట్స్ వస్తే ఆ గంటలనే దవాఖాన.

అన్నట్టు, ఇంట్ల పెద్దోళ్లకు కల్లు అలవాటుంటే డాక్టర్‌కు దాచకుర్రి. కల్తీ కల్లుల కలిపేది గూడ చానాసార్లు ఈ ఆల్ప్రజోలమే.