తెలుగు వాయిస్ టైపింగ్ యాప్‌కు డబ్బు కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

తెలుగులో చెబితే చాలు, తప్పుల్లేని ఈమెయిల్ సిద్ధమవుతుందన్న ప్రకటన చూసి ఒక యాప్‌కు ఏడాది చందా కట్టాను. దుప్పట్లు నేసే ఒక సొసైటీకి ఆర్డరు పెట్టడానికి అందులో ఇలా చెప్పాను: "ఇరవై దుప్పట్లు పంపండి. అడ్వాన్సు నిన్ననే పంపాను. పాత ఆర్డరు రద్దు చేయవద్దు."

తెర మీద కనిపించింది ఇది: "అరవై దుప్పట్లు పంపండి అడ్వాన్సు నిన్ననే పంపను పాత ఆర్డరు రద్దు చేయవద్దు".

ఇరవై అరవై అయింది, పంపాను పంపను అయింది. రెండూ సరైన తెలుగు మాటలే కాబట్టి కింద ఎర్ర గీత పడలేదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. అక్షరం చెదిరిన మాట కంటికి వెంటనే తగులుతుంది, కానీ ఒక్క దీర్ఘం పోయి అర్థం తిరగబడిన మాట తగలదు. పైగా వాక్యాల మధ్య చుక్కలు లేవు. "రద్దు చేయవద్దు"లో చివరి "వద్దు" జారిపోయి ఉంటే నా పాత ఆర్డరు గతి ఏమయ్యేది?

అనుమానం వచ్చి అవే మూడు వాక్యాలు ఫోను కీబోర్డులో ఉచితంగా ఉండే మైకుకు చెప్పి చూశాను. అవే తప్పులు, అదే వరుసలో వచ్చాయి. ఆండ్రాయిడ్‌లో ఏ యాప్ అయినా ఫోనులో ఉన్న స్పీచ్ సేవనే పిలిచి వాడుకోవచ్చు. ఇదీ అలాంటిదేనని నా నమ్మకం. మీరూ కొనే ముందు ఇలాగే పోల్చి చూడండి. ఫలితం ఒకటే అయితే డబ్బు కట్టడం దండగ.

దిద్దడానికి ఆ మాట ఒక్కటే మళ్లీ చెప్పకండి. ముందూ వెనకా మాటలు లేకపోతే ఫోను ఇంకా తికమక పడుతుంది. "నిన్ననే పంపాను" అని కలిపి చెప్పండి, లేదా "పంపను"లో రెండో "ప" తర్వాత వేలితో తాకి "ా" నొక్కండి. నా మట్టుకు రెండోదే తేలిక. సంఖ్యలు మాత్రం నోటితో చెప్పకుండా 20 అని అంకెల్లో కొట్టండి. చిరునామా గడి ఖాళీగా ఉంచి, యాక్సెసిబిలిటీ సెట్టింగులలో ఉండే చదివి వినిపించే సదుపాయంతో మొత్తం ఒకసారి వినండి. కన్ను దాటేసిన దీర్ఘాన్ని చెవి పట్టుకుంటుంది.

ఇప్పటికే కొన్నవారు త్వరపడండి. గూగుల్ ప్లేలో కొన్న 48 గంటలలోపు అయితే రిఫండ్ అక్కడే అడగవచ్చు. ఆ తర్వాత అయితే సాధారణంగా యాప్ తయారీదారునే అడగమంటారు. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు, ప్లే స్టోరులోని చందాల పేజీకి వెళ్లి విడిగా రద్దు చేయాలి.