రామప్పకు వెళ్లి అదే రోజు తిరిగి రావడం: ములుగు బస్టాండు బోర్డును కింది నుంచి చదివిన ప్రయాణం

హన్మకొండలో రెండు రోజులు ఉండే అవకాశం దొరికినప్పుడు, అందులో ఒక రోజును పాలంపేటలోని రామప్ప గుడికి కేటాయించాలని అమ్మా నేనూ అనుకున్నాము. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ ఆలయానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చిన తరువాత సందర్శకులు పెరిగారు గాని, సొంత వాహనం లేనివారికి ఆ ప్రయాణం నేటికీ పల్లెవెలుగు బస్సు వేళల మీదే ఆధారపడి ఉన్నది. హన్మకొండ నుంచి ములుగు వరకు జాతీయ రహదారి కాబట్టి బస్సులకు కొరత లేదు. చిక్కంతా ములుగు దాటి, జంగాలపల్లి దగ్గర రహదారి వదిలి, వెంకటాపూర్ మీదుగా పాలంపేట చేరే ఆ చివరి ముక్కలోనే ఉన్నది.

ఈ ముక్క గురించి నేను ముందుగా జాగ్రత్తపడటానికి కారణం కొన్నేళ్ల కిందటి ఒక అనుభవం. మరొక జిల్లాలోని ఒక కొండ గుడికి మంగళవారం నాడు వెళ్లి, బస్టాండు గోడ మీద చూసిన సాయంత్రం అయిదున్నర బస్సును నమ్ముకుని కూర్చున్నాము. ఆ వేళ పక్కన చిన్న అక్షరాలతో రాసిన ‘సెలవు దినములు మాత్రమే’ అన్న మాటను నేను చదవలేదు. చీకటి పడ్డాక ఆటో మాట్లాడుకుని, బస్సు టికెట్టుకు ఎన్నో రెట్లు ఇచ్చి, మోకాళ్ల నొప్పితో బాధపడుతున్న అమ్మను ఆ గతుకుల దారిలో తీసుకురావలసి వచ్చింది. అప్పటి నుంచి వెళ్లే బస్సు కంటే ముందు తిరిగి వచ్చే బస్సును చూడటం అలవాటు చేసుకున్నాను.

అందుకే ప్రయాణానికి ముందురోజు సాయంత్రం ఒక్కడినే ములుగు వెళ్లి, బస్టాండులోని వేళల బోర్డును చూసి వచ్చాను. ఇది అతిజాగ్రత్తగా కనిపించవచ్చు గాని, ఇంటర్నెట్‌లో వెతికితే ప్రధానంగా రిజర్వేషన్ ఉన్న సర్వీసులే కనిపిస్తాయి, పల్లెవెలుగు ట్రిప్పుల వివరం బస్టాండులోనే తెలుస్తుంది. బోర్డు మీద అసలు రంగు మాసిపోయి ఉన్నది. రెండు చోట్ల పాత అంకెలను గీకి, వాటి మీద కొత్త తెల్ల రంగుతో వేరే వేళలు రాశారు, ఒక వరుస మీద కాగితం అతికించారు. ఇలాంటి బోర్డులో మిగతా అంకెలకంటే తెల్లగా మెరుస్తున్న అంకెలనే ఎక్కువగా నమ్మవచ్చు, ఎందుకంటే ఎవరో ఈమధ్య పని పెట్టుకుని వాటిని సరిదిద్దారు. మాసిపోయిన వేళల గురించి మాత్రం విచారణ కిటికీ దగ్గర అడిగి తీరాలి.

లెక్క తేలికగా అర్థమయ్యేందుకు నేను చూసిన వేళలను గుండ్రంగా చేసి ఇక్కడ రాస్తున్నాను. వేళలు మారుతూ ఉంటాయి కాబట్టి ఎవరి ప్రయాణానికైనా ఆ రోజు బోర్డే ప్రమాణం. ములుగు నుంచి రామప్పకు ఉదయం 8.00, 10.00, మధ్యాహ్నం 12.00, 14.30, సాయంత్రం 17.00, చివరిగా 18.30కి బస్సులు ఉన్నట్లు రాసి ఉన్నది. వీటిలో 10.00, 17.00 బస్సుల పక్కన సెలవు దినాలలో మాత్రమే అని ఉన్నది. 18.30 పక్కన ‘నై.హా.’ అన్న రెండు పొడి అక్షరాలు ఉన్నాయి. బోర్డు మీద ఉన్నవన్నీ ములుగులో బయలుదేరే వేళలే, రామప్ప నుంచి తిరిగి వచ్చే వేళలు ఎక్కడా లేవు. చిన్న ఊళ్ల బస్సులకు సాధారణంగా ఇలాగే ఉంటుంది. అందువల్ల తిరుగు వేళలను మనమే కట్టుకోవాలి: అటు వెళ్లడానికి సుమారు నలభై నిమిషాలు, అక్కడ ఆగడానికి పది నిమిషాలు వేసుకుంటే, 8.00కి వెళ్లిన బస్సు రామప్ప నుంచి 8.50కి, 12.00కి వెళ్లినది 12.50కి, 14.30కి వెళ్లినది 15.20కి తిరిగి బయలుదేరాలి.

ఈ లెక్క ప్రకారం 18.30 బస్సు 19.20కి తిరిగి రావాలి గదా అనిపిస్తుంది. బోర్డును పై నుంచి కిందికి చదివేవారు మోసపోయేది ఇక్కడే. నేను కిటికీ దగ్గర ఉన్న కంట్రోలర్‌ను అడిగాను.

“సార్, ఆరున్నర బస్సు రామప్ప నుంచి మళ్లీ ఎన్ని గంటలకు వస్తుంది?”

“రాదు సార్. అది నైట్ హాల్ట్ బండి. రాత్రికి అక్కడే ఉండి, పొద్దున్నే పిల్లలను, కూరగాయలోళ్లను తీసుకుని వస్తది.”

“మరి సాయంత్రం అయిదు గంటల బస్సు?”

“అది ఆదివారాలు, సెలవులకే సార్. రేపు బుధవారం గదా, రేపు ఉండదు. మీకు రేపు ఆఖరు బండి మూడు ఇరవైదే.”

గ్రామాలకు వెళ్లే చాలా బస్సుల చివరి ట్రిప్పు ఇలాగే ఉంటుంది. డ్రైవరు, కండక్టరు ఆ ఊళ్లోనే పడుకుని, తెల్లవారుజామున తొలి బస్సుగా బయలుదేరుతారు. ఊరివారికి అది ఎంతో ఉపయోగం, ఎందుకంటే పట్నంలో పని ముగించుకుని రాత్రికి ఇల్లు చేరడానికీ, పొద్దున్నే ఆసుపత్రికో కాలేజీకో పోవడానికీ అదే ఆధారం. ఉదయం వచ్చి సాయంత్రం తిరిగి వెళ్లాలనుకునే యాత్రికుడికి మాత్రం అది లేని బస్సుతో సమానం. కాబట్టి బోర్డులోని ఆఖరు వేళను చూసినప్పుడు అడగవలసిన ప్రశ్న ‘ఆఖరు బస్సు ఎప్పుడు?’ అన్నది కాదు, ‘ఆ బస్సు తిరిగి వస్తుందా?’ అన్నది. ఆరు వేళలు కనిపించిన బోర్డులో పనిదినాన నాకు తిరిగి రావడానికి పనికివచ్చేవి 8.50, 12.50, 15.20 మూడే అని ఇలా తేలింది. అదే ఆదివారమైతే 17.50 దాకా ఉండవచ్చు.

సెలవు రోజు అన్న మాటను కూడా తేలికగా తీసుకోకూడదు. ఆదివారం యాత్రికుల కోసం ఒకటి రెండు ట్రిప్పులు పెంచినట్లే, బడి పిల్లల కోసం నడిచే ట్రిప్పును అదే రోజు ఆపేయడం ఉంటుంది, అది బోర్డు మీద అన్నిసార్లూ రాసి ఉండదు. పండుగ బుధవారం వస్తే దానిని ఏ లెక్కలో వేస్తారో అడిగి తెలుసుకోవడమే దారి. ఇక రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర జరిగే రోజులలో ఈ బోర్డును పూర్తిగా పక్కన పెట్టాలి. ఆ వారంలో ఈ రహదారి మీది బస్సులు, మనుషులు అంతా అటే సాగుతారు.

తిరుగు వేళలు తేలిన తరువాత మిగిలినదంతా వెనక్కి లెక్కించడమే. చివరి బస్సు అయిన 15.20ని నేను ప్రయాణానికి వేసుకోలేదు, దానిని అక్కరకు ఉంచుకుని, దానికి ముందున్న 12.50ని మా బస్సుగా పెట్టుకున్నాను. గుడిని, మండపం అంచున నల్లరాతి మదనికలను నింపాదిగా చూసి, చెరువు కట్ట దాకా వెళ్లి రావడానికి మూడున్నర గంటలైనా కావాలి. అంటే తొమ్మిది లోపలే రామప్పలో ఉండాలి, అంటే ములుగులో 8.00 బస్సును అందుకోవాలి.

హన్మకొండ నుంచి ములుగుకు పొద్దున 5.40కి పల్లెవెలుగు, 6.00కి ఏటూరునాగారం ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. ముందు బయలుదేరేదే ముందు చేరుతుందని అమ్మ అనుకున్నది గాని, పల్లెవెలుగు ప్రతి స్టేజీలో ఆగుతూ దాదాపు రెండు గంటలు తీసుకుంటుంది, ఎక్స్‌ప్రెస్ గంటా ఇరవై నిమిషాలలో చేరుతుంది. వెనుక బయలుదేరిన ఎక్స్‌ప్రెస్ మల్లంపల్లి దగ్గర ఆ పల్లెవెలుగును దాటిపోవడం మేము కిటికీలోంచి చూశాము. గట్టమ్మ గుడి దగ్గర డ్రైవరు బస్సు నెమ్మదించి దండం పెట్టుకున్నాడు, 7.20కి ములుగులో దిగాము. టీ తాగి, వేడి ఇడ్లీ తిని, 8.00 బస్సులో ముందు సీట్లు పట్టుకోవడానికి సమయం చాలింది. ఈ రెండు రకాల బస్సులలోనూ మహాలక్ష్మి పథకం కింద ఆడవారికి ఛార్జీ లేదు కాబట్టి, ఆధార్ చూపించి అమ్మ సున్నా టికెట్టు తీసుకున్నది.

తిరుగు ప్రయాణంలో మాత్రం నా ఎంపిక మారింది. రామప్ప నుంచి 12.50 బస్సు పావుగంట ఆలస్యంగా వచ్చి, మధ్యాహ్నం రెండు కాకముందే మమ్మల్ని ములుగులో దింపింది. కండక్టరు జంగాలపల్లి క్రాస్‌రోడ్డులోనే దిగి రోడ్డు మీద బస్సు పట్టుకోమన్నాడు గాని, ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ తప్పక ఆగుతాయన్న నమ్మకం లేక ములుగు దాకా వచ్చాము. బోర్డులో రెండు గంటలకు ఎక్స్‌ప్రెస్, రెండుంబావుకు పల్లెవెలుగు ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్‌కు రాసిన వేళ అది ములుగు మీదుగా పోయే వేళ మాత్రమే. దూరం నుంచి వచ్చే బస్సు కాబట్టి ఆలస్యం కావచ్చు, వచ్చినా నిలబడవలసి రావచ్చు. పల్లెవెలుగు ములుగులోనే బయలుదేరేది కాబట్టి వేళ తప్పదు, కూర్చోవడానికి చోటు ఉంటుంది. ఉదయం అందుకోవలసిన బస్సు ఉన్నందున వేగం చూశాను, మధ్యాహ్నం తొందర లేనందున సీటు చూశాను.

రాత్రి ఉండిపోదలచిన వారికి రామప్ప చెరువు ఒడ్డున పర్యాటక శాఖ కాటేజీలు ఉన్నాయి. సాయంకాలపు వెలుగులో ఎర్రటి ఇసుకరాతి గోడలను చూడాలనుకునే వారికి ఆ బస మంచిదని నా అభిప్రాయం, పైగా అలాంటి వారికి ఆ 18.30 బస్సు, మరునాటి తొలి బస్సు రెండూ ఉపయోగపడతాయి. అయితే ముందుగా గది ఖాయం చేసుకోకుండా అక్కడి దాకా వెళ్లడం సరికాదు. సామానుతో, వయసైన వారితో వచ్చినప్పుడు హన్మకొండ బస్టాండు దగ్గరి లాడ్జీలోనే గది ఉంచుకోవడం నాకు మెరుగనిపించింది. గది సాదాగా ఉన్నా, పొద్దున అయిదున్నరకు తలుపు తీసుకుని బయటికి నడిస్తే బస్సు ఎదురుగా ఉన్నది.

మేము హన్మకొండలో దిగేసరికి నాలుగు దాటి కొన్ని నిమిషాలైంది. అమ్మ కాసేపు కాళ్లు చాపుకుని విశ్రాంతి తీసుకున్నాక, ఎండ తగ్గిన వేళ వేయిస్తంభాల గుడికి వెళ్లాము. అక్కడి నందిని చూస్తూ, ఉదయం రామప్పలో చూసిన నందికి మెడలోని గంటలు ఇంకా సన్నగా చెక్కారని అమ్మ వేలితో చూపించి చెప్పింది.